మీటప్‌లో కలిసినవారిని కాఫీకి పిలవాలంటే: లింక్డ్‌ఇన్, మెయిల్, వాట్సాప్‌లో ఏది నయం?

శనివారం రాయదుర్గంలోని టీ-హబ్‌లో డేటా ఇంజినీర్ల మీటప్ జరిగిందనుకోండి. మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో 4 ఏళ్లుగా టెస్టింగ్ చేస్తున్న అమ్మాయి వచ్చింది. తనకు డేటా ఇంజినీరింగ్ వైపు మారాలని ఉంది. టీ బ్రేక్‌లో, అంతకుముందే టాక్ ఇచ్చిన ఒక సీనియర్‌ను పట్టుకుని దాని గురించి అడిగింది. ఆవిడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక డేటా టీమ్‌కు లీడ్. "కొత్త టూల్ వెంట పడే ముందు, వచ్చిన డేటాను టెస్టర్‌లా చూడడం మొదలుపెట్టు. మా దగ్గర ఆ పని చేసేవాళ్లే తక్కువ" అని ఆవిడ చెబుతుండగా ఇంకెవరో వచ్చి పలకరించారు. మాట అక్కడే ఆగిపోయింది. పక్కకు వెళ్తూ "టచ్‌లో ఉండు" అన్నారు.

ఇప్పుడు ఈ అమ్మాయి ఏం పంపాలి, ఎక్కడ పంపాలి? చిన్న మీటప్‌లు నడపడంలో చేయి వేస్తుంటాను కాబట్టి నాకూ ఇలాంటి మెసేజ్‌లు వస్తుంటాయి, వక్తలుగా వచ్చినవాళ్లు తమకు వచ్చినవి చూపిస్తుంటారు కూడా. ఎక్కువగా కనిపించేది "నైస్ మీటింగ్ యూ, కాఫీకి కలుద్దామా?" అన్న ఒక్క లైను. దానికి జవాబు రాకపోతే పంపినవాళ్లు ఎదుటివాళ్లకు పొగరు అనుకుంటారు. నిజానికి చాలాసార్లు, ఇది పంపింది ఎవరో వాళ్లకు గుర్తే ఉండదు.

ఈ అమ్మాయి ఉదాహరణనే పట్టుకుని ఒక్కో ఎంపికా చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: కాఫీయేనా?

ఎక్కడ పంపాలన్నది రెండో ప్రశ్న. ఏం అడగాలన్నది మొదటిది. అడగడానికి నాలుగు దారులున్నాయి: మెసేజ్‌లోనే ఒక ప్రశ్న వేయడం, ఫోన్ కాల్ అడగడం, కాఫీకి పిలవడం, నేరుగా రెఫరల్ అడగడం.

రెండు లైన్లలో జవాబు వచ్చే ప్రశ్నకు కాఫీ అక్కర్లేదు. "మీరు చెప్పిన కోర్సు పేరేంటి?", "స్లైడ్లు ఎక్కడైనా పెట్టారా?" లాంటివి మెసేజ్‌లో అడిగితే అవతలివాళ్లు లిఫ్ట్‌లో నిలబడి కూడా జవాబిస్తారు. దానికోసం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఒక మనిషిని కాఫీ షాపుకు రప్పిస్తే, వాళ్లు మొహమాటానికి ఒప్పుకున్నా పది నిమిషాలకే వాచీ చూసుకుంటారు.

కాల్‌ది మధ్యస్థంగా ఉండే దారి. "ఒకవేళ అలా అయితే ఎలా?" అంటూ ముందుకీ వెనక్కీ సాగే ప్రశ్నకు కాల్ సరిపోతుంది. మనం వరంగల్‌లోనో విజయవాడలోనో ఉండి మీటప్ కోసం హైదరాబాద్ వచ్చి వెళ్లిపోయినవాళ్లమైతే కాలే సరైనది. కాఫీ అంటే మళ్లీ ప్రయాణం పెట్టుకోవాలి, ఆ భారమంతా అవతలివాళ్ల మనసు మీద పడుతుంది.

కాఫీకి పిలవదగ్గ సందర్భం నా లెక్కలో ఒక్కటే. మొదటిసారి మాట్లాడింది సగంలో ఆగి ఉండాలి, మిగతా సగం ముఖాముఖి అయితేనే తేలేదై ఉండాలి. మన అమ్మాయికి అలాంటి సందర్భమే కుదిరింది. కెరీర్ మార్పు గురించి ఆవిడ ఏదో చెప్పబోయి ఆగారు. "మా దగ్గర ఆ పని చేసేవాళ్లే తక్కువ" అన్న మాట వెనుక ఇంకేదో ఉంది. అలాంటివి మెయిల్‌లో ఎవరూ రాయరు, ఎదురుగా కూర్చుంటే చెబుతారు.

ఇక రెఫరల్. నిజంగా కావలసింది అదే అయితే కాఫీ ముసుగు వేయకండి. మన కంపెనీల్లో రెఫర్ చేయాలంటే ఉద్యోగి లోపలి పోర్టల్‌లో మన రెజ్యూమె, ఆ ఖాళీకి ఉన్న జాబ్ ఐడీ పెట్టాలి. అవి రెండూ చేతికిచ్చి "వీలైతే రెఫర్ చేయగలరా, లేకపోతే పర్లేదు" అంటే వాళ్లకు ఐదు నిమిషాల పని. అదే కాఫీకి పిలిచి, ఇరవయ్యో నిమిషంలో రెజ్యూమె బయటికి తీస్తే ఎదుటివాళ్ల ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది. కాఫీ తర్వాత ఆవిడే "రెజ్యూమె పంపు" అంటే అది వేరే కథ.

ఎక్కడ పంపాలి

అత్యంత తేలిక దారి మీటప్‌లోనే ఉంది, చాలామంది వాడరు. లింక్డ్‌ఇన్ యాప్‌లో ప్రతి ఖాతాకు ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. అక్కడే స్కాన్ చేసి ఇద్దరూ కలిసిపోతే, ఇంటికి వచ్చాక మామూలు మెసేజ్‌లో కావలసినంత రాసుకోవచ్చు. అలా కలవకపోతే తర్వాత కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు నోట్ పెట్టాలి. అక్కడ ఇరుకు మొదలవుతుంది. ఉచిత ఖాతాకు నోట్‌లో 200 క్యారెక్టర్లే ఇస్తుంది, డబ్బు కట్టే ప్రీమియం ఖాతాకైతే 300. పైగా ఉచిత ఖాతావాళ్లు నెలకు కొన్ని రిక్వెస్టులకే నోట్ పెట్టగలరు. మీటప్‌లో చేయి కలిపిన ప్రతివాళ్లకూ నోట్ పంపుతూ పోతే, అసలు పంపాల్సిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ కోటా అయిపోతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఒకటి కాదు. "స్తే"లో స, పొల్లు, త, ఏత్వం, మొత్తం నాలుగు. కాబట్టి 200 అన్నది మనం ఊహించేదానికంటే త్వరగా నిండిపోతుంది. ఆ ఇరుకులో కాఫీ, తేదీ, చోటు అన్నీ కుక్కాలని చూడకూడదు. నోట్ చేయాల్సిన పని ఒక్కటే, మనమెవరో గుర్తు చేయడం.

> నమస్తే మేడమ్. శనివారం మీటప్‌లో టీ దగ్గర టెస్టింగ్ నుంచి డేటా వైపు రావడం గురించి అడిగాను. మీరు చెప్పిన డేటా చెక్‌లు రాసి చూశాను. ఒక సందేహం మిగిలింది.

ఇది 200లోపే ఉంది. కాఫీ మాట లేదు. ఆవిడ రిక్వెస్ట్ ఒప్పుకున్నాక అసలు మెసేజ్ పంపాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. రిక్వెస్ట్ పంపి, రెండు రోజులు ఆగి, కంగారుపడి దాన్ని వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల వరకూ ఆగాల్సి రావచ్చు. పంపినదాన్ని అలా వదిలేయడమే మేలు.

మెయిల్ విషయానికొస్తే, ఆవిడ విజిటింగ్ కార్డు ఇచ్చినా, ఆఖరి స్లైడ్‌లో అడ్రస్ పెట్టినా నా ఓటు మెయిల్‌కే. చోటు చాలినంత ఉంటుంది, ఆఫీసు పనిలో ఉన్నప్పుడే కంటపడుతుంది, క్యాలెండర్‌లో పెట్టుకోవడానికి ఒక్క నొక్కు చాలు. లింక్డ్‌ఇన్‌ను వారానికోసారి తెరిచే సీనియర్లు చాలామంది, మెయిల్ అలా కాదు. అయితే అడ్రస్ వాళ్లు ఇచ్చి ఉండాలి. కంపెనీ పేరు చూసి, పేరు-చుక్క-ఇంటిపేరు అని ఊహించి పంపే అలవాటు కొందరికి ఉంది. అది చేరినా "ఈ అడ్రస్ నీకెలా తెలిసింది?" అన్న అనుమానంతోనే మొదలవుతుంది.

వాట్సాప్ మన దగ్గర అందరూ వాడేదే. అందుకే దాని విషయంలో తొందరపడతాం. మీటప్ వాట్సాప్ గ్రూపులో ఆవిడ నంబరు కనిపిస్తుంది. దాన్ని తీసుకుని విడిగా మెసేజ్ పెట్టడం ఆవిడ అడగకుండానే ఇంటి తలుపు తట్టడమే. పైగా సేవ్ చేసుకోని నంబరు నుంచి మెసేజ్ వస్తే ఆవిడ తెర మీద ముందు కనిపించేది "బ్లాక్" అన్న బటనే. ఆడవాళ్లకు తెలియని మగవాళ్ల నంబర్ల నుంచి వచ్చినప్పుడు దాన్ని నొక్కడానికి వాళ్లకు తగిన కారణాలున్నాయి. ఆవిడే "వాట్సాప్ చెయ్" అని నంబరు చెప్పి ఉంటే మాత్రం వాట్సాపే సరైనది, అక్కడ మెయిల్ పంపడం అతి. అప్పుడు కూడా "హాయ్ మేడమ్" అని ఒక మెసేజ్, "బాగున్నారా" అని ఇంకోటి, ఆవిడ "హూ ఈజ్ దిస్?" అన్నాక అసలు విషయం, ఇలా ముక్కలు చేయకూడదు. నోటిఫికేషన్‌లో కనిపించే మొదటి లైన్లోనే మీటప్ పేరు, మనం మాట్లాడిన విషయం ఉండాలి. వాయిస్ నోట్ అసలే వద్దు, మీటింగ్‌లో ఉన్న మనిషి దాన్ని వినలేరు, చూసి పక్కన పెడతారు.

మొత్తమ్మీద తేల్చేది ఇది: అవతలివాళ్లు ఏ దారి చూపించారో ఆ దారిలోనే వెళ్లండి. ఏదీ చూపించకుండా "టచ్‌లో ఉండు" అని మాత్రమే అంటే లింక్డ్‌ఇన్ నోట్. మన అమ్మాయికి అదృష్టవశాత్తూ ఆఖరి స్లైడ్‌లో మెయిల్ అడ్రస్ దొరికింది.

పాత మాటను ఎలా ఎత్తాలి

జవాబు వస్తుందా రాదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒకే సంభాషణను మూడు రకాలుగా గుర్తు చేయవచ్చు.

మొదటిది:

> శనివారం మిమ్మల్ని కలవడం చాలా సంతోషం. మీ టాక్ అద్భుతంగా ఉంది. మీ నుంచి చాలా నేర్చుకున్నాను.

ఇందులో తప్పేమీ లేదు, మర్యాదగానే ఉంది. కానీ ఆ రోజు హాల్లో ఉన్న వందమందిలో ఎవరైనా రాయగల మాటలివి. టాక్‌కు రాకుండా లింక్డ్‌ఇన్‌లో ఫొటో చూసినవాళ్లు కూడా రాయగలరు. ఇది చదివాక ఆవిడకు ఏ ముఖమూ గుర్తురాదు.

రెండోది:

> టీ బ్రేక్‌లో టెస్టింగ్ నుంచి డేటా ఇంజినీరింగ్‌కు మారడం గురించి మాట్లాడుకున్నాం, గుర్తుందా?

ఇది నయం. చోటుంది, విషయముంది. కానీ "గుర్తుందా?" అన్నది పరీక్షలా తగులుతుంది. గుర్తు లేకపోతే ఆవిడ ఇబ్బంది పడాలి. పైగా ఆవిడ ఏమన్నారో ఇందులో లేదు, మనం ఏం అడిగామో మాత్రమే ఉంది.

మూడోది:

> కొత్త టూల్ వెంట పడే ముందు, వచ్చిన డేటాను టెస్టర్‌లా చూడడం మొదలుపెట్టమన్నారు మీరు. ఆదివారం కూర్చుని అదే చేశాను.

ఇందులో ఆవిడ మాట ఉంది, దాని మీద మనం చేసిన పని ఉంది. తాను చెప్పిన మాటను ఒకరు ఇంటికెళ్లి నిజంగా చేసి చూశారంటే, అది చదివి ఊరుకోవడం ఎవరికైనా కష్టం. నేను ఎప్పుడూ మూడోదాన్నే ఎంచుకోమంటాను.

అయితే మూడోది రాయాలంటే ముందు రెండు పనులు జరగాలి. ఒకటి, మాట్లాడిన పది నిమిషాల్లోపే ఫోన్‌లో రాసిపెట్టుకోవాలి. రాయాల్సింది ఆవిడ హోదా, కంపెనీ కాదు, అవి లింక్డ్‌ఇన్‌లో ఉంటాయి. ఆవిడ వాడిన మాట, మాట ఎక్కడ ఆగింది, పక్కన ఎవరున్నారు, ఇవి రాసుకోవాలి. మెట్రోలో ఇంటికి వెళ్తూ రాద్దామనుకుంటే అమీర్‌పేట వచ్చేసరికి నలుగురు చెప్పింది కలగలిసిపోతుంది. ఒకరి సలహా ఇంకొకరికి అంటగట్టి మెయిల్ పంపడం కంటే పొడిగా పంపడమే మేలు. రెండోది, నిజంగా ఏదో చేయాలి, ఎంత చిన్నదైనా సరే.

మన అమ్మాయి ఆదివారం చేసింది చూడండి. తెలంగాణ ప్రభుత్వం డేటా పెట్టే data.telangana.gov.in నుంచి ఒక ఫైలు దించుకుంది. దాని మీద మూడు చెక్‌లు రాసింది. ఫైల్లో ఉన్న వరుసలన్నీ టేబుల్‌లోకి చేరాయా, ఉండాల్సిన గడులు ఖాళీగా ఉన్నాయా, ఒక్కసారే రావాల్సిన కీ రెండుసార్లు వచ్చిందా. టెస్టర్‌కు ఇవేమీ కొత్త కాదు. కానీ రాశాక ఒక సందేహం పుట్టింది. చెక్ ఫెయిలైతే మొత్తం లోడ్ ఆపేయాలా, తప్పు వరుసలను మాత్రం క్వారంటైన్ టేబుల్ అనే వేరే టేబుల్‌లో పక్కన పెట్టి మిగతాది ముందుకు పంపాలా? ఆపేస్తే పొద్దున రిపోర్టు చూసేవాళ్లకు ఏమీ ఉండదు. పంపేస్తే వాళ్లు చూసేది అసంపూర్ణ లెక్క, అది అసంపూర్ణమని వాళ్లకు తెలియదు.

ఇది మంచి ప్రశ్న. ఎందుకంటే దీనికి పుస్తకంలో ఒక్క జవాబు లేదు. జీతాల లెక్కకు ఒక రకం, వెబ్‌సైట్ క్లిక్‌లకు ఇంకో రకం. రోజూ ఆ నిర్ణయం తీసుకునే మనిషి దగ్గర దీని గురించి చెప్పడానికి కథలుంటాయి. కాఫీకి సరిపడా ప్రశ్న ఎలా ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను. "డేటా ఇంజినీర్ కావాలంటే ఏం చేయాలి?" అన్నదానికి యూట్యూబ్‌లో సమాధానాలు కుప్పలుగా ఉన్నాయి, ఆవిడ సమయం అక్కర్లేదు.

గుంపులో నిలబడి విన్నారు తప్ప మీరు మాట్లాడలేదు, అలాంటప్పుడు? అబద్ధం చెప్పకండి. "టీ దగ్గర ఐదారుగురం ఉన్నాం, నేను అడగలేదు కానీ మీరు ఇంకొకరికి చెప్పిన జవాబు విన్నాను" అనడంలో చిన్నతనమేమీ లేదు. లేని సంభాషణను కల్పిస్తే ఆవిడకు "నాకెందుకు గుర్తులేదు?" అన్న అనుమానం వస్తుంది, ఆ అనుమానం మనకు మేలు చేయదు.

మొత్తం మెయిల్

> సబ్జెక్ట్: శనివారం మీటప్ – డేటా చెక్‌లపై మిగిలిన ప్రశ్న
>
> నమస్తే మేడమ్,
>
> శనివారం మీ టాక్ తర్వాత టీ దగ్గర మాట్లాడాను. 4 ఏళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను, డేటా ఇంజినీరింగ్ వైపు రావాలనుకుంటున్నానని చెప్పాను. కొత్త టూల్ వెంట పడే ముందు, వచ్చిన డేటాను టెస్టర్‌లా చూడడం మొదలుపెట్టమన్నారు మీరు.
>
> ఆదివారం తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లోని ఒక ఫైలు మీద మూడు చెక్‌లు రాశాను. ఒక్కచోట ఆగిపోయాను. చెక్ ఫెయిలైతే లోడ్ మొత్తం ఆపాలా, తప్పు వరుసలను పక్కన పెట్టి మిగతాది పంపాలా అన్నది మీ టీమ్‌లో ఏ లెక్కన తేల్చుకుంటారో తెలుసుకోవాలని ఉంది.
>
> మీకు వీలైతే కాఫీకి 20 నిమిషాలు కలుద్దామా? మీ ఆఫీసు దగ్గరికే వస్తాను. వచ్చే బుధవారం లేదా గురువారం ఉదయం 9 గంటలకు కుదురుతుందా? బయటికి రావడం కష్టమైతే ఫోన్‌లో మాట్లాడినా నాకు చాలు.
>
> (పేరు, ఫోన్ నంబరు)

ఫోన్‌లో ఒక్క స్క్రోల్‌కు అటూ ఇటూగా అయిపోతుంది. రెజ్యూమె జత చేయలేదు. చేస్తే ఇది ఉద్యోగం అడిగే మెయిల్ అయిపోతుంది, పైన రాసిన ప్రశ్న అంతా సాకులా కనిపిస్తుంది. రాసిన కోడ్ కూడా జత చేయలేదు, ఆవిడ అడిగితే పంపవచ్చు. సబ్జెక్ట్‌లో "కాఫీ చాట్ రిక్వెస్ట్" అని పెట్టేవాళ్లున్నారు. అది చూడగానే "ఒకరు నా సమయం అడుగుతున్నారు" అని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. మీటప్, విషయం రెండూ సబ్జెక్ట్‌లో ఉంటే తెరవకముందే సగం గుర్తొస్తుంది.

సమయం, చోటు

"మీకెప్పుడు వీలైతే అప్పుడు" అనడం మర్యాద అనుకుంటాం. కానీ అప్పుడు క్యాలెండర్ తెరిచి వెతికే పని ఆవిడ మీద పడుతుంది, ఆ పని రేపటికి వాయిదా పడుతుంది. దానికి పూర్తి ఎదురు కొస, మన క్యాలెండర్ లింకు పంపి "ఇందులో స్లాట్ బుక్ చేసుకోండి" అనడం. ఇద్దరు సమవయస్కుల మధ్య, లేదా వాళ్లే మనల్ని కలుస్తామన్నప్పుడు లింకు బాగానే పనిచేస్తుంది. సాయం అడిగేది మనమైనప్పుడు పెద్దవాళ్లకు లింకు పంపితే మన అపాయింట్‌మెంట్ వాళ్లు తీసుకోవాలన్నట్టు ఉంటుంది. రెండు రోజులు, ఒక సమయం చెప్పడం ఈ రెండిటి కంటే మేలు. "గురువారం ఓకే" అని రెండు మాటల్లో ముగించవచ్చు.

రోజు ఎంచుకోవడంలో హైదరాబాద్ లెక్కలు వేరు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు పిలిచే కంపెనీలు చాలా ఉన్నాయి, ఆ రోజులు ఎక్కువగా వారం మధ్యలోనే పడతాయి. సోమవారం, శుక్రవారం అడిగితే ఆవిడ ఇంట్లో ఉండవచ్చు. సాయంత్రం 6 గంటలకని అస్సలు అడగకండి. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు బస్సో క్యాబో పట్టుకుని ఆఫీసులు వదిలే వేళకు చేరాలంటే ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మనం ఆలస్యమవుతాం, లేదా ఆవిడ ఇంటికి బయల్దేరే తొందరలో ఉంటారు. ఉదయం ఆఫీసు మొదలయ్యే ముందు వేళ ఇద్దరికీ నయం.

చోటు విషయంలో ఆఫీసు క్యాంటీన్, బయటి కాఫీ షాపు, ఇరానీ హోటల్, ఈ మూడిటి మధ్య నేను కాఫీ షాపునే ఎంచుకుంటాను. క్యాంటీన్ అయితే ముందుగా ఆవిడ మన పేరు విజిటర్ లిస్టులో పెట్టించాలి, గేటు దగ్గర ఐడీ చూపి పాస్ తీసుకోవాలి, ల్యాప్‌టాప్ ఉంటే దాని వివరాలు రాయించాలి. 20 నిమిషాల కోసం ఆవిడకు అంత పని పెట్టడం బాగుండదు. పైగా సొంత టీమ్ చుట్టూ ఉంటే ఆవిడ మనసు విప్పి మాట్లాడరు. ఇరానీ చాయ్ అంటే నాకు ప్రాణం కానీ, ఆ గోలలో "క్వారంటైన్ టేబుల్" అన్నది రెండుసార్లు అరిచి చెప్పాల్సి వస్తుంది. అదే బిల్డింగ్ కిందో, రోడ్డుకు అవతలో ఉన్న కాఫీ షాపు పేరు మీరే చూసి పెట్టుకోండి, ఆవిడ సరే అన్నాక చెప్పండి.

ఏ భాషలో, ఏమని పిలుస్తూ

మాట్లాడింది ఏ భాషలోనో దాన్నిబట్టి ఎంచుకోవచ్చు. ఆఫీసు మెయిల్‌కైతే నూటికి తొంభైమంది ఇంగ్లీషులోనే రాస్తారు, అదీ సహజమే. పైన రాసిన క్రమం ఇంగ్లీషులోనూ మారదు. ఆవిడ టీ దగ్గర తెలుగులోనే మాట్లాడి ఉంటే, వాట్సాప్‌లో తెలుగులో రాయడం దగ్గరగా అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం స్నేహితుల మధ్య బాగానే ఉంటుంది కానీ, మొదటి మెసేజ్‌లో నాలుగు వాక్యాలు దాటితే చదవడం కష్టం.

పిలుపు ఇంకా సున్నితం. పేరు పక్కన "గారు" ఎప్పుడూ సురక్షితం. "మేడమ్", "సర్" ఐటీలో కొందరికి నచ్చవు, ఆవిడే "మేడమ్ అనకు" అని ఉంటే పేరు పక్కన గారు పెట్టండి. మీటప్‌లో కలిసిన సీనియర్‌ను నోటితో "అన్నా" అనడం తెలంగాణలో మామూలే, అభిమానంగానే ఉంటుంది. కానీ అక్కడ అన్నది మెయిల్‌లోకి తేవద్దు. "అక్కా" విషయంలో ఇంకా జాగ్రత్త, ఒక్కసారి కలిసిన పరిచయానికి అది వయసు గుర్తుచేసినట్టు కూడా ఉండవచ్చు.

ఎప్పుడు పంపాలి, జవాబు రాకపోతే

ఆ రాత్రే పంపితే గుర్తు తాజాగా ఉంటుంది, కానీ చేసిన పని ఏమీ ఉండదు. వారం ఆగితే పని ఎంతైనా చేయవచ్చు, ముఖం మాత్రం మాసిపోతుంది. శనివారం మీటప్ అయితే ఆదివారం రాత్రి లింక్డ్‌ఇన్ రిక్వెస్ట్, సోమ, మంగళవారాల్లో మెయిల్, ఇదీ నేను చెప్పే పద్ధతి. ఆదివారం రాత్రే రాసేసి ఉంటే జీమెయిల్‌లో షెడ్యూల్ చేసి మంగళవారం ఉదయానికి పెట్టండి. సోమవారం పొద్దున ఇన్‌బాక్స్ వారాంతపు మెయిళ్లతో నిండి ఉంటుంది.

వారం, పది రోజులు దాటినా జవాబు లేకపోతే అదే మెయిల్ మీద ఒక్కసారి గుర్తు చేయవచ్చు. అప్పుడు అడిగేది పెంచకూడదు, తగ్గించాలి. "కలవడం కుదరకపోతే పర్లేదు, ఈ ఒక్క ప్రశ్నకు మెయిల్‌లో రెండు లైన్లు రాసినా చాలు" అంటే చాలా మంది రాస్తారు. దానికీ మౌనమే అయితే అక్కడితో ఆపండి. లింక్డ్‌ఇన్‌లో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పంపి మూడువైపుల నుంచి ముట్టడించేవాళ్లున్నారు. వాళ్ల పేరు తర్వాతి మీటప్‌లో వేరే రకంగా గుర్తుంటుంది.

"ఇప్పుడు రిలీజ్ ఉంది, వచ్చే నెల చూద్దాం" అని వస్తే అది తప్పించుకోవడమా, నిజమా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. "సరే, వచ్చే నెల రెండో వారంలో ఒకసారి రాస్తాను" అని చెప్పి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఆ వారంలో నిజంగా రాయండి. ఈలోగా ఆ ప్రశ్న మీద ఇంకొంత పని చేసి ఉంటే అది ఒక వాక్యంలో కలపండి.

"గురువారం ఓకే" అని వస్తే ఆ రోజే కాఫీ షాపు పేరు, సమయం పెట్టి క్యాలెండర్ ఇన్వైట్ పంపాలి. ఆవిడ మర్చిపోకుండా ఉండేందుకు బుధవారం సాయంత్రం ఒక లైను చాలు. పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చోండి, బిల్లు మీరే కట్టడానికి సిద్ధంగా ఉండండి, ఆవిడ కడతానంటే ఒక్కసారి వద్దని చెప్పి వదిలేయండి. ఇరవయ్యో నిమిషంలో "నేను అడిగిన టైమ్ అయింది" అని మీరే అనండి. ఆవిడ ఇంకాసేపు కూర్చుంటే అది ఆవిడ ఇష్టం.